కస్టమర్ సర్వీస్ బాట్ ఎలా మాట్లాడాలి: వ్యక్తిత్వం, మాటతీరు తయారుచేసే పద్ధతి

కస్టమర్ సర్వీస్ బాట్‌కి వ్యక్తిత్వం తయారుచేయమంటే చాలా టీములు మొదట పేరు పెడతాయి, తర్వాత బొమ్మ గీయిస్తాయి, ఆ తర్వాత "స్నేహంగా, ఉత్సాహంగా, నమ్మకంగా మాట్లాడాలి" అని ఒక స్లైడ్ మీద రాసి పని అయిపోయిందనుకుంటాయి. ఆ మూడు మాటలతో ఒక్క వాక్యం కూడా రాయలేం. రాత్రి పదింటికి రోడ్డు మీద నిలబడి బస్సు కోసం ఎదురుచూస్తున్న మనిషితో ఉత్సాహంగా మాట్లాడితే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే నేను చెప్పే పద్ధతి దీనికి తలకిందులుగా ఉంటుంది: కస్టమర్‌కి చెడ్డ వార్త చెప్పాల్సిన కాల్‌ని ముందు రాసుకోవాలి, ఆ కాల్‌లో నిలబడే మాటతీరునే మిగతా చోట్లకి తీసుకెళ్లాలి. స్వాగతం చెప్పే వాక్యం అన్నిటికంటే చివర రాయాలి.

ఊరికే సూత్రాలు చెప్పకుండా ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి రాత్రి బస్సులు నడిపే ఒక ప్రైవేట్ ట్రావెల్స్ ఉందనుకుందాం. మియాపూర్‌లో ఎనిమిదింటికి బయల్దేరి, కూకట్‌పల్లి, అమీర్‌పేట, లక్డీకాపూల్ మీదుగా తొమ్మిదీ నలభై ఐదుకి ఎల్బీనగర్ రావాలి. వాళ్లకి ఫోన్‌లో మాట్లాడే వాయిస్ బాట్ ఒకటి, వాట్సాప్‌లో చాట్ బాట్ ఒకటి కావాలి.

1. ముందు కాల్స్ వినండి

కంపెనీ దగ్గర పాత కాల్ రికార్డింగులు ఉంటాయి. ముప్పై, నలభై వినండి, ట్రాన్స్‌క్రిప్ట్ చదివితే సరిపోదు, చెవులతో వినాలి. వింటూ మూడు విషయాలు రాసుకోండి: కస్టమర్ మొదటి వాక్యం అచ్చంగా ఏమన్నాడు, ఆ మాట వెనక అతని అసలు భయం ఏమిటి, కౌంటర్‌లో బాగా మాట్లాడే మనిషి ఏం చెప్పాక అతని గొంతు కాస్త తగ్గింది.

ఈ మూడింటిలో రెండోది అన్నిటికంటే ముఖ్యం. "బస్సు ఎక్కడుంది?" అని అడిగేవాడికి మ్యాప్ మీద చుక్క అక్కర్లేదు. "బస్సు నన్ను వదిలేసి వెళ్లిపోయిందా?" అన్నది అతని టెన్షన్. స్టాప్‌కి రెండు నిమిషాలు ఆలస్యంగా చేరాడు, లేదా ఫ్లైఓవర్ కింద నిలబడాలో అవతల నిలబడాలో తెలియలేదు, పక్కన నలుగురు వేరే బస్సులెక్కి వెళ్లిపోయారు. అనుభవం ఉన్న బుకింగ్ క్లర్క్ ఇది పట్టేసి "ఇంకా రాలేదండి, అక్కడే ఉండండి" అంటాడు, ఆ తర్వాతే బస్సు ఎక్కడుందో చెబుతాడు. మీ బాట్ వ్యక్తిత్వానికి పునాది ఆ క్లర్కే, మార్కెటింగ్ టీమ్ రాసిన బ్రాండ్ బుక్ కాదు.

అడిగే తీరు కూడా రాసుకోండి. ఒకరు "బస్సు ఎక్కడికొచ్చింది" అంటారు, ఒకరు "యాడుంది", ఇంకొకరు "బస్ ఏడున్నది", మరొకరు "బండి వచ్చిందా లేదా" అంటారు. బాట్ ఇవన్నీ అర్థం చేసుకోవాలి, కానీ తను మాత్రం ఒకే తీరులో మాట్లాడాలి. కస్టమర్ యాసని పట్టి అదే యాసలో తిరిగి మాట్లాడే బాట్ తయారుచేద్దామని కొందరికి ముచ్చటగా ఉంటుంది. నేను వద్దంటాను. మనిషి చేస్తే కలుపుగోలుతనం అనిపించేది యంత్రం చేస్తే వెక్కిరిస్తున్నట్టు వినిపిస్తుంది, పైగా రికగ్నిషన్ ఒక్కసారి తప్పిందంటే శ్రీకాకుళం మనిషితో నిజామాబాద్ యాసలో మాట్లాడుతుంది.

2. ఒక పేజీలో మనిషిని రాయండి

ఇప్పుడు వ్యక్తిత్వం రాయొచ్చు, కానీ విశేషణాలు వద్దు, ప్రవర్తన రాయండి. మన ట్రావెల్స్‌కి నేనైతే ఇలా రాస్తాను:

"బుకింగ్ కౌంటర్‌లో చాలా ఏళ్లుగా ఉన్న మనిషిలా మాట్లాడుతుంది. తెలిసింది వెంటనే చెబుతుంది, తెలియనిది తెలియదంటుంది. కస్టమర్ తిట్టినా గొంతు మారదు, అలాగని అతిగా బతిమాలదు. జోకులు వేయదు. బస్సు టైమ్‌లో ఉన్నప్పుడు ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది, లేట్ ఉన్నప్పుడు ఇంకో రెండు మూడు వాక్యాలు ఓపిగ్గా చెబుతుంది. తను బాట్ అని మొదటి వాక్యంలోనే చెబుతుంది."

ఆ చివరి వాక్యం మీద వాదన వస్తుంది. "బాట్ అని చెబితే కాల్ కట్ చేస్తారు" అంటారు. చెప్పకపోతే మూడో ప్రశ్నకి ఎలాగూ తెలిసిపోతుంది, అప్పటినుంచి అది చెప్పే టైమ్ కూడా నమ్మరు. అమ్మకాల కోసమో ఎన్నికల కోసమో బాట్‌ని మనిషిలా నమ్మించడాన్ని కాలిఫోర్నియా 2019 జూలై నుంచే చట్టంతో ఆపింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, రాత్రిపూట రోడ్డు మీద ఉన్నవాడిని మనిషిననిపించి మభ్యపెట్టకూడదు.

పేరు విషయం క్లుప్తంగా: ఫోన్ బాట్‌కి లక్ష్మి, రవి లాంటి మనుషుల పేర్లు పెట్టకండి. ఫోన్‌లో పేరు విని ఎవరికీ ఒరిగేది లేదు, మనిషేమో అన్న అపోహ మాత్రం పెరుగుతుంది. ట్రావెల్స్ పేరు చెప్పి "ఆటోమేటిక్ హెల్ప్‌లైన్" అంటే చాలు.

3. పిలుపు, సర్వనామాలు, క్షమాపణ

తెలుగులో బాట్ రాసేవాళ్లకి ఒక పెద్ద సౌకర్యం "అండి". సార్ అనాలో మేడమ్ అనాలో గొంతు విని ఊహించే అవసరం లేకుండా, పెద్దా చిన్నా అందరికీ సరిపోతుంది. కానీ ప్రతి వాక్యం చివరా తగిలిస్తే విసుగొస్తుంది, రెండు మూడు వాక్యాలకి ఒకసారి చాలు. ఎప్పుడూ "మీరు", కుర్రాళ్ల బ్రాండ్ అయినా సరే "నువ్వు" వద్దు, ఎందుకంటే చాట్‌లో సరదాగా అనిపించిన "నువ్వు" డబ్బు తిరిగి రాలేదన్న ఫిర్యాదు దగ్గరికొచ్చేసరికి అవమానంగా మారుతుంది.

పేరు పెట్టి పిలవడం చాలామంది తప్పకుండా కావాలంటారు. బుకింగ్ డేటా ఒకసారి తెరిచి చూడండి: ఇంటిపేరు ముందుంటుంది, పొడి అక్షరాలుంటాయి, అన్నీ ఇంగ్లీష్ పెద్దక్షరాల్లో ఉంటాయి, టికెట్ కొన్నది కొడుకైతే ప్రయాణం చేసేది తల్లి. ఆ డేటాతో వాయిస్ బాట్ "కే గారూ" అంటుంది, లేదా ఇంటిపేరుతో పిలుస్తుంది. వాయిస్‌లో పేరు వదిలేయండి. చాట్‌లో కావాలంటే కస్టమర్ తను స్వయంగా టైప్ చేసిన పేరుకి "గారు" చేర్చి ఒక్కసారి వాడండి.

"నేను", "మేము" ఎక్కడ వాడాలో కూడా పేజీలో రాసి పెట్టుకోండి. బాట్ తను చేసే పనికి "నేను" అంటుంది: "చూస్తున్నానండి". కంపెనీ నిర్ణయానికి "మేము" అంటుంది: "బస్సు రద్దయితే మేము పూర్తి డబ్బు తిరిగి ఇస్తాం". "మనం" అసలు వద్దు, తప్పు కంపెనీది అయినప్పుడు "మన బస్సు లేటయింది" అంటే ఒళ్లు మండుతుంది.

క్షమాపణ ఒక్కసారి, సూటిగా, సమాచారం చెప్పాక. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్న వాక్యం రైల్వే స్టేషన్లలో విని విని జనం చెవులు దాన్ని దాటేస్తున్నాయి. "సారీ అండి, యాభై నిమిషాలు లేట్" అంటే చెవికెక్కుతుంది, ఎందుకంటే ఏ తప్పుకి సారీ చెబుతున్నదో అందులోనే ఉంది.

4. ఆ ఒక్క కాల్ పూర్తిగా రాయండి

ఇప్పుడు అసలు పని. రాత్రి పదీ పది. ఎల్బీనగర్‌లో ఒకాయన ఫోన్ చేశాడు. బస్సు ఇంకా అమీర్‌పేట దగ్గరే ఉంది, అక్కడినుంచి పదీ నలభైకి గానీ రాదు. ముందు మామూలుగా రాసేది చూడండి:

బాట్: నమస్కారం! మా ట్రావెల్స్‌కు స్వాగతం! మీ ప్రయాణాన్ని మధురంగా మార్చడమే మా ధ్యేయం. నేను మీకు ఏ విధంగా సహాయపడగలను?
కస్టమర్: బస్సెక్కడుందండీ? తొమ్మిదీ నలభై ఐదన్నారు.
బాట్: మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము. దయచేసి మీ పీఎన్ఆర్ సంఖ్యను తెలియజేయండి.

ఇందులో ఏ వాక్యమూ వ్యాకరణపరంగా తప్పు కాదు. కానీ ఆయనకి కావలసినది ఒక్కటీ లేదు, పైగా చేతిలో బ్యాగు పట్టుకున్న మనిషిని ఫోన్ చెవి దగ్గరనుంచి తీసి, మెసేజ్ వెతికి నంబర్ చదవమంటోంది. ఆయన చేసింది బుకింగ్ చేసిన నంబర్ నుంచే అయితే ఏ బస్సో సిస్టమ్‌కి ముందే తెలుసు. దాన్ని వాడుకుని తిరగరాస్తే:

బాట్: నమస్కారం అండి, ఇది ట్రావెల్స్ ఆటోమేటిక్ హెల్ప్‌లైన్. ఈ రాత్రి ఎల్బీనగర్ నుంచి వైజాగ్ బస్సు గురించేనా?
కస్టమర్: ఆ, అదే. ఎక్కడుంది? వెళ్లిపోయిందా ఏంటి?
బాట్: వెళ్లిపోలేదండి. ఇంకా మీ స్టాప్‌కి రాలేదు. ఇప్పుడు అమీర్‌పేట దగ్గరుంది, ఎల్బీనగర్‌కి పదీ నలభైకి అటూ ఇటూగా వస్తుంది. సారీ అండి, దాదాపు గంట లేట్.
కస్టమర్: గంటా! ఎందుకింత లేటు?
బాట్: కారణం నాకు తెలియదండి. బస్సు లైవ్ లొకేషన్ మీ వాట్సాప్‌కి పంపమంటారా?

ఇక్కడ నాలుగు నిర్ణయాలున్నాయి, నాలుగూ వ్యక్తిత్వానికి సంబంధించినవే. భయానికి జవాబు ముందు, ప్రదేశం తర్వాత. టైమ్ "అటూ ఇటూగా" చెప్పింది, ఎందుకంటే జీపీఎస్ అంచనాని కచ్చితమైన మాటగా చెబితే పదీ నలభై రెండుకి మళ్లీ ఫోన్ వస్తుంది. కారణం తెలియనప్పుడు "ట్రాఫిక్ వల్ల" అని అల్లలేదు, అల్లితే బస్సెక్కాక డ్రైవర్ ఇంకో కారణం చెబుతాడు, ఇక కంపెనీ మాటకి విలువ ఉండదు. చివరగా, తన చేతిలో ఉన్న పని ఒక్కటే ఇస్తానంది. లొకేషన్ పంపే ఏర్పాటు సిస్టమ్‌లో లేకపోతే ఆ వాక్యం తీసేయాలి, మర్యాద కోసం ఉంచకూడదు.

రాత్రి బస్సులతో ఇంకో చిక్కు, తేదీ. పన్నెండూ పావుకి ఎల్బీనగర్‌లో ఎక్కే బస్సుని జనం "శుక్రవారం రాత్రి బస్సు" అంటారు, సిస్టమ్‌లో అది శనివారం. బాట్ "శనివారం పన్నెండూ పదిహేనుకి" అంటే ఒకరోజు ఆలస్యంగా స్టాప్‌కి వచ్చేవాళ్లుంటారు. "శుక్రవారం అర్ధరాత్రి దాటాక, పన్నెండూ పావుకి, అంటే తెల్లవారితే శనివారం" అని రాయించండి. వాక్యం పొడవైనా ఇక్కడ ఖర్చు పెట్టాలి.

5. డబ్బు మాటలు బాట్ నోటికి వదలకండి

పై కాల్‌లో తర్వాతి ప్రశ్న "మరి రీఫండ్ ఇస్తారా?" అనే వస్తుంది. మంచితనం చూపించాలన్న వ్యక్తిత్వం ఇక్కడే కంపెనీని ఇబ్బందుల్లోకి తోస్తుంది. ఎయిర్ కెనడా కేసు దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. 2022లో, ఇంట్లో పెద్దావిడ చనిపోయిన ఒక ప్రయాణికుడికి ఆ సంస్థ వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్, టికెట్ కొన్నాక 90 రోజుల్లోపు తగ్గింపు ధరకి దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పింది. సంస్థ అసలు నియమం ప్రకారం ప్రయాణం అయ్యాక అలా అడగడం కుదరదు. చాట్‌బాట్ మాటలకి తమది బాధ్యత కాదన్నట్టుగా సంస్థ వాదించినా, 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియాలోని ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు, వెబ్‌సైట్‌లో ఉన్న ప్రతి మాటకీ సంస్థదే బాధ్యతని చెప్పి 650 కెనడా డాలర్లకు పైగా నష్టపరిహారం ఇమ్మంది.

కాబట్టి రీఫండ్, పరిహారం, బస్సు రద్దు, ప్రమాదం, ఈ నాలుగింటికీ లీగల్ టీమ్ చూసి ఒప్పుకున్న స్థిరమైన వాక్యాలు రాసి పెట్టుకోండి, వెనక ఎంత తెలివైన భాషా మోడల్ ఉన్నా అక్కడ సొంతంగా వాక్యం అల్లనివ్వకండి. ఆ వాక్యాలు కూడా అదే మనిషి మాట్లాడినట్టుండాలి, లేకపోతే ఇప్పటిదాకా "అండి" అంటున్నది ఉన్నట్టుండి కోర్టు నోటీసు చదివినట్టు మారుతుంది. "ఆలస్యానికి రీఫండ్ ఉంటుందో లేదో నేను చెప్పలేనండి, ఆ నిర్ణయం మా ఆఫీసుది. మీ ఫిర్యాదు ఇప్పుడే రాసుకోమంటారా?" అంటే మాటతీరూ నిలిచింది, లేని హామీ కూడా ఇవ్వలేదు.

మోడల్‌తో నడిచే బాట్ అయితే దానికిచ్చే సూచనల్లో "స్నేహంగా ఉండు" లాంటివి పెద్దగా పని చేయవు. పైన రాసినలాంటి పూర్తి సంభాషణలు ఆరేడు ఇవ్వండి, వాటిలో సగమైనా చెడ్డ వార్తలవి ఉండాలి. వాటితోపాటు చేయకూడనివి సూటిగా రాయండి: కారణం ఊహించకు, రీఫండ్ మాట ఇవ్వకు, బస్సు టైమ్‌లో ఉంటే ఒక్క వాక్యానికి మించి చెప్పకు.

6. వాయిస్ కోసం విడిగా రాయాలి

చాట్‌కి రాసిన వాక్యాలనే వాయిస్‌తో చదివించడం చాలాచోట్ల చూస్తాం, అది వెంటనే తెలిసిపోతుంది. చాట్‌లో 10:40 అని అంకెల్లో ఉంటే కంటికి హాయి. వాయిస్‌లో అవే అంకెలిస్తే, రాసింది చదివి వినిపించే ఇంజిన్లు కొన్ని ఇంగ్లీష్‌లో చదువుతాయి, కొన్ని మధ్యలో ఆగుతాయి. టైమ్, డబ్బు వాయిస్ స్క్రిప్ట్‌లో అక్షరాల్లోనే రాయండి: "పదీ నలభై", "పన్నెండొందల యాభై రూపాయలు". ఫోన్ నంబర్, పీఎన్ఆర్ మాత్రం మనవాళ్లు రోజూ చెప్పుకునేది ఇంగ్లీష్ అంకెల్లోనే, కాబట్టి ఒక్కో అంకె విడిగా, మూడు నాలుగింటికి ఒకసారి ఆగుతూ చదివించాలి. ఎక్కడ ఆగాలో, ఎంత వేగంగా చదవాలో ఆ ఇంజిన్‌కి ఎస్ఎస్ఎంఎల్ అనే గుర్తులతో చెబుతాం:

```xml
<speak>
  వెళ్లిపోలేదండి. ఇంకా మీ స్టాప్‌కి రాలేదు.
  <break time="400ms"/>
  <prosody rate="90%">ఎల్బీనగర్‌కి పదీ నలభైకి
  అటూ ఇటూగా వస్తుంది.</prosody>
</speak>
```

మొత్తం సంభాషణని నెమ్మదిగా చదివిస్తే నిద్రొస్తుంది. మర్చిపోకూడని ముక్క దగ్గర మాత్రమే వేగం తగ్గించండి.

గొంతు ఎంచుకునేటప్పుడు హెడ్‌ఫోన్స్‌లో వినకండి. మామూలు ఫోన్ లైన్ మీద చాలాసార్లు 8 కిలోహెర్ట్జ్ నాణ్యతే వస్తుంది, స్టూడియోలో తియ్యగా ఉన్న సన్నని గొంతు అక్కడ పీలగా మారుతుంది, "స", "ష" కలిసిపోతాయి. నిజంగా ఒక కాల్ చేసి, రోడ్డు పక్కన నిలబడి, తక్కువ ధర ఫోన్‌లో వినండి.

ఇంకొకటి మౌనం. బస్సు ఎక్కడుందో సర్వర్‌ని అడిగి తెచ్చుకోవడానికి మూడు సెకన్లు పడితే అవతల మనిషి "హలో? హలో?" అంటాడు, ఆ హలో కూడా బాట్‌కి ఇన్‌పుట్‌గా వెళ్లి సంభాషణ చెదిరిపోతుంది. అడగడానికి ముందే "ఒక్క క్షణం, చూస్తున్నానండి" అనిపించండి.

7. చాట్‌లో చోటు కొలిచి రాయాలి

వాట్సాప్‌లో ఒక మెసేజ్‌కి మూడు రిప్లై బటన్లే పెట్టగలం, ఒక్కో బటన్ మీద 20 క్యారెక్టర్లకి మించి పట్టవు. తెలుగులో గుణింతం, పొల్లు, ఒత్తు అన్నీ విడి క్యారెక్టర్లుగా లెక్కకొస్తాయి. "బోర్డింగ్ పాయింట్ మార్చాలి" కంటికి చిన్నదే, లెక్కలో 26, పట్టదు. "స్టాప్ మార్చాలి" అని మార్చాలి, నిజానికి జనం అనేది కూడా అదే. ఇంగ్లీష్‌లో బటన్లు డిజైన్ చేసి తర్వాత తెలుగులోకి మార్చుకుందామంటే ఈ దశలో సగం బటన్లు తిరగరాయాల్సి వస్తుంది.

మూడు బటన్లలో ఒకటి ఎప్పుడూ మనిషికి దారి కావాలి. "మనిషితో మాట్లాడాలి" 18 క్యారెక్టర్లు, సరిపోతుంది.

8. అర్థం కానప్పుడు

బాట్‌కి మాట అర్థం కాకపోవడం మినహాయింపు కాదు, రోజూ జరిగేదే, అందుకే దానికి కూడా అదే శ్రద్ధతో రాయాలి. మొదటిసారి తప్పు తన మీద వేసుకుని చిన్నగా అడగాలి: "సరిగ్గా వినపడలేదండి, ఏ స్టాప్ అన్నారు?" రెండోసారి ప్రశ్న తీరు మార్చాలి, హారన్ల మధ్య ఉన్నవాడు మళ్లీ అరిచినా లాభం లేదు కాబట్టి కీప్యాడ్ ఇవ్వాలి: "అమీర్‌పేట అయితే ఒకటి, ఎల్బీనగర్ అయితే రెండు నొక్కండి." మూడోసారి అడగొద్దు, మనిషికి కలపాలి. కలిపేటప్పుడు ఇప్పటిదాకా చెప్పిందంతా ఆ ఏజెంట్ తెర మీద ఉండాలి, కస్టమర్ మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాల్సి వస్తే అప్పటిదాకా చూపిన మర్యాద అంతా వృథా. ఆ టైమ్‌లో ఆఫీసులో ఎవరూ లేకపోతే అదీ చెప్పాలి: "ఇప్పుడు మాట్లాడేందుకు ఎవరూ లేరండి, పొద్దున ఏడింటి తర్వాత ఫోన్ చేస్తారు." నిజంగా చేస్తేనే.

9. కోడ్ రాయకముందే పరీక్షించండి

ఇద్దరిని వీపు వీపు ఆనించి కూర్చోబెట్టండి, ఒకరి చేతిలో స్క్రిప్ట్, ఇంకొకరు కోపంగా ఉన్న కస్టమర్. స్క్రిప్ట్ పట్టుకున్నవాళ్లు అందులో లేని మాట ఒక్కటీ అనకూడదు. కాగితం మీద బాగున్న వాక్యం నోటితో అనేసరికి ఎక్కడ ఊపిరి ఆగుతుందో అక్కడ విరగ్గొట్టండి. ట్రావెల్స్ కౌంటర్ మనిషినే ఒకసారి స్క్రిప్ట్ చదవమనండి, "నేనైతే ఇలా అనను" అని ఆగిన ప్రతిచోటా ఆయనన్న మాటే రాసుకోండి.

బాట్ మొదలయ్యాక సర్వే మార్కుల కంటే రికార్డింగులే నిజం చెబుతాయి. బాట్ ఏ మాట మధ్యలో ఉండగా కస్టమర్ అడ్డుపడుతున్నాడో చూడండి, అందరూ ఒకే చోట అడ్డుపడుతుంటే అక్కడినుంచి వాక్యం కోసేయొచ్చు. "ఏంటీ?", "మళ్లీ చెప్పండి" ఎక్కడ వస్తున్నాయో చూడండి, చాలాసార్లు అది టైమో స్టాప్ పేరో అయి ఉంటుంది. అరగంటలో అదే నంబర్ నుంచి మళ్లీ కాల్ వచ్చిందంటే మొదటి జవాబు నమ్మలేదని అర్థం. సంక్రాంతి ముందు వారం రికార్డింగులు విడిగా వినండి, అప్పుడు బస్సులూ నిండుగా ఉంటాయి, లేట్లూ ఎక్కువ, మామూలు రోజుల్లో పనిచేసిన వాక్యాల్లోని లోపాలు ఎన్నో ఆ వారంలో బయటపడతాయి.

హిందీ కూడా కావాలంటే స్క్రిప్ట్ తర్జుమా చేయించకండి, ఆ ఒక్క పేజీ ఇచ్చి హిందీ మాట్లాడే కౌంటర్ మనిషితో మొదటినుంచి రాయించండి. తెలుగులో "చూస్తున్నాను" అంటే మాట్లాడేది ఆడా మగా తేలదు, హిందీలో "దేఖ్ రహా హూఁ", "దేఖ్ రహీ హూఁ" రెండిట్లో ఒకటి తప్పదు. ఏ గొంతు ఎంచుకున్నారో దానికి తగ్గట్టు ప్రతి క్రియనీ సరిచూడాలి, లేకపోతే ఆడగొంతు ఒక వాక్యంలో "రహీ" అని ఇంకో వాక్యంలో "రహా" అంటుంది.